గుంటూరు గ్రహణం, పసుపుపచ్చ గీత

పాఠశాలల సైన్సు క్లబ్బులు నడిపే "మీకు తెలుసా?" శీర్షికల్లో తెలుగునాట తరచుగా కనిపించే వాక్యాల్లో ఒకటి, హీలియం మూలకాన్ని 1868 ఆగస్టు 18న గుంటూరులో కనుగొన్నారన్నది. ఊరు, తేదీ, మూలకం పేరు మూడూ ఒకే వాక్యంలో ఇమిడిపోవడంతో విద్యార్థులు దాన్ని ఒక్కసారి చదివితే మరచిపోరు. పైగా తమ జిల్లా పేరు ప్రపంచ విజ్ఞాన చరిత్రలో ఉందని తెలియడం వారికి సహజంగానే సంతోషం కలిగిస్తుంది. అయితే ఇలాంటిదే మరొక వాక్యం మహారాష్ట్రలో ప్రచారంలో ఉంది. హీలియంను 1868లో కొంకణ తీరంలోని విజయదుర్గ్ కోట నుంచి నార్మన్ లాకియర్ అనే ఆంగ్లేయుడు కనుగొన్నాడని అక్కడి వారు చెప్పుకుంటారు. కోటలో ఆయన పరికరాలు నిలిపిన అరుగును చూపిస్తారు, ఆగస్టు 18న హీలియం దినోత్సవం కూడా జరుపుతారు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజం కాలేవు. ఆనాటి నివేదికలను, తేదీలను వరుసగా పేర్చి చూస్తే, విజయదుర్గ్ వాక్యం నిలబడదనీ, గుంటూరు వాక్యం ఉన్నది ఉన్నట్టుగా నిలబడకపోయినా దాని వెనుక అంతకంటే విలువైన విషయం ఒకటి ఉందనీ తేలుతుంది. ఒక చిన్న శాస్త్రీయ వాస్తవాన్ని పాఠకుల ముందు పెట్టే ముందు దాన్ని ఎలా విప్పి చూడాలో తెలుసుకోవడానికి తెలుగు పాఠకులకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ముందుగా 1868 నాటికి శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్న సాధనమేమిటో చూడాలి. సూర్యకాంతిని సన్నని చీలిక గుండా పంపి, పట్టకం ద్వారా విడదీస్తే ఎరుపు నుంచి ఊదా దాకా రంగుల పట్టీ ఏర్పడుతుంది. దీన్నే వర్ణపటం అంటారు, దాన్ని చూపే పరికరాన్ని వర్ణపటదర్శిని అంటారు. ఆ పట్టీలో అక్కడక్కడ సన్నని నల్లని గీతలు ఉంటాయని జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ 1814లో గమనించి, వాటిలో ముఖ్యమైన వాటికి ఎ, బి, సి, డి అంటూ అక్షరాలు కేటాయించారు. 1859, 1860 సంవత్సరాల్లో కిర్కాఫ్, బున్‌సెన్ కలిసి ఆ గీతల అర్థం విప్పారు. పలుచని వేడి వాయువు తనకు ప్రత్యేకమైన కొన్ని రంగులను మాత్రమే వెలిగిస్తుంది, అప్పుడు అవి ప్రకాశవంతమైన గీతలుగా కనిపిస్తాయి. అదే వాయువు తనకంటే వేడిగా ఉన్న కాంతి మూలానికి ముందు అడ్డుగా నిలిస్తే ఆ రంగులనే మింగేస్తుంది, అప్పుడు అవే చోట్ల నల్లని గీతలు పడతాయి. పసుపుపచ్చ ప్రాంతంలోని డి గీత సోడియంది, ఎరుపులోని సి గీత, నీలంలోని ఎఫ్ గీత హైడ్రోజన్‌వి. నిశితంగా చూస్తే డి అనేది ఒక గీత కాదు, ఆనుకుని ఉన్న రెండు గీతల జంట. ఒకటి 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, రెండవది 589.0 దగ్గర ఉంటాయి. వీటిని డి-1, డి-2 అంటారు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. ఈ కథంతా ఆ జంట గీతలకు పక్కన ఎంత దూరంలో మరొక గీత ఉందన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఈ రెండు అంకెలను గుర్తుంచుకోవడం మంచిది.

సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో చంద్రబింబం అంచుల వెంట ఎర్రని నాలుకల వంటి ఆకారాలు కనిపిస్తాయి. వీటిని సౌరశిఖలు అంటారు. అవి చంద్రుడివి కావని, సూర్యుడివేనని 1860లో స్పెయిన్‌లో గ్రహణం నాడు తీసిన ఛాయాచిత్రాలతో తేలిపోయింది. అవి దేనితో తయారయ్యాయన్న ప్రశ్న మాత్రం మిగిలింది. వర్ణపటదర్శినిని వాటి వైపు తిప్పి, రంగుల పట్టీ అఖండంగా వస్తుందా, విడివిడి గీతలు వస్తాయా అని చూస్తే చాలు, జవాబు దొరికిపోతుంది. కిర్కాఫ్, బున్‌సెన్‌ల తర్వాత అలా చూడటానికి అన్నివిధాలా అనువైన సుదీర్ఘ గ్రహణం 1868 ఆగస్టు 18న వచ్చింది. దాని ఛాయ ఏడెన్ మీదుగా అరేబియా సముద్రం దాటి, భారత పశ్చిమ తీరాన అడుగుపెట్టి, దక్కను అంతటా పరచుకుని, కృష్ణా ముఖద్వారం ప్రాంతంలో బంగాళాఖాతంలోకి దిగి, సయాం వైపు సాగింది. అందువల్లనే ఆ ఉదయం తెలుగు ప్రాంతంలో ఒకటికి మూడు చోట్ల దూరదర్శినులు సూర్యుడి వైపు ఎక్కుపెట్టి ఉన్నాయి. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ ఒక బృందంతో, బ్రిటిష్ సైనికాధికారి మేజర్ టెన్నెంట్ మరొక బృందంతో విడిది చేశారు. మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ ఉన్నారు. అదే నక్షత్రశాలలో సహాయకుడైన చింతామణి రఘునాథాచారి వనపర్తి నుంచి గ్రహణాన్ని పరిశీలించారు. హీలియం మాట వచ్చినప్పుడు గుంటూరును తలచుకునేవారు మచిలీపట్నాన్ని, వనపర్తిని పూర్తిగా మరచిపోవడం అన్యాయమే. కర్ణాటకలోని జంఖండి దగ్గర లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్, సయాం వైపు మలయా ద్వీపకల్పంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రాయే కూడా ఇదే పనిలో ఉన్నారు.

నైరుతి రుతుపవనాల కాలం కావడంతో మేఘాల భయం అందరికీ ఉంది. గుంటూరులో ఆకాశం కరుణించింది. ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో సూర్యుడు పూర్తిగా మరుగున పడి, ఐదు నిమిషాలకు పైగా అలాగే ఉన్నాడు. జాన్సెన్ తన వర్ణపటదర్శిని చీలికను ఒక పెద్ద సౌరశిఖ మీదకు తెచ్చినప్పుడు అఖండమైన రంగుల పట్టీ కనిపించలేదు. నల్లని నేపథ్యం మీద కొద్దిపాటి గీతలు మిరుమిట్లు గొలిపేలా వెలుగుతూ కనిపించాయి. ఎరుపులోను, నీలంలోను ఉన్నవి హైడ్రోజన్ స్థానాలకు సరిపోయాయి. అంటే సౌరశిఖలు మండుతున్న ఘనపదార్థపు ముక్కలో, మేఘాలో కావు, ప్రధానంగా వేడెక్కిన హైడ్రోజన్ వాయువు. ఆ ఉదయం వేర్వేరు చోట్ల ఉన్న పరిశీలకులందరూ దాదాపు ఇదే నిర్ణయానికి వచ్చారు. వారిలో పలువురికి పసుపుపచ్చ ప్రాంతంలో కూడా ఒక గీత కనిపించింది, దాన్ని చాలామంది సోడియం డి గీతగానే రాసుకున్నారు.

ఆ పొరపాటుకు కారణం నిర్లక్ష్యం కాదు. పగటి సూర్యకాంతిలోనైతే నల్లని గీతలు కొలబద్ద మీది గుర్తుల్లా పక్కనే ఉంటాయి కాబట్టి కొత్తగా కనిపించిన గీత ఏ గుర్తుకు ఎంత దూరంలో ఉందో పోల్చి చూడవచ్చు. సంపూర్ణ గ్రహణంలో ఆ గుర్తులే మాయమైపోతాయి. చీకట్లో, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ, పరికరం మీది స్కేలులో స్థానం చదివి, అది ఏ అక్షరానికి చెందుతుందో తర్వాత ఊహించాలి. పసుపుపచ్చలో వెలిగే గీత అనగానే ఆ కాలపు శాస్త్రజ్ఞుడికి తట్టేది సోడియమే, ఎందుకంటే ప్రయోగశాలలో ఉప్పు రవ్వ మంటలో పడితే చాలు ఆ గీత ప్రత్యక్షమవుతుంది. మచిలీపట్నంలో పోగ్సన్ మాత్రం ఆ గీత డి మీదే ఉందని తేల్చిచెప్పకుండా, డి వద్దనో డి దగ్గరనో అన్న సందేహాన్ని తన నివేదికలో మిగిల్చారు. కొలత అంతకు మించి అనుమతించనప్పుడు సందేహాన్ని సందేహంగానే రాసి ఉంచిన ఆ జాగ్రత్తకు గౌరవం దక్కాలి.

కాబట్టి గుంటూరులో ఆ రోజు జరిగినదాన్ని మూలకాన్ని కనుగొనడం అనలేం. జాన్సెన్ కొత్త మూలకం గురించి ఏ ప్రకటనా చేయలేదు. ఆయనకు ఆ ఐదు నిమిషాల్లో తట్టినది వేరొకటి. గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, వాటిని చూడటానికి గ్రహణమే అక్కర్లేదేమోనన్న ఆలోచన ఆయనకు అప్పటికప్పుడు వచ్చింది. ఆ మధ్యాహ్నం మబ్బులు కమ్మడంతో ప్రయత్నం సాగలేదు. మరునాడు, ఆగస్టు 19 ఉదయం, గ్రహణం ఏమాత్రం లేని మామూలు సూర్యుడి అంచుకు చీలికను సరిగ్గా తాకించి చూస్తే, నిన్నటి గీతలు మళ్ళీ కనిపించాయి. తర్వాత రెండు వారాలకు పైగా ఆయన గుంటూరులోనే ఉండి, రోజూ సౌరశిఖల ఆకారాలను గుర్తిస్తూ, అవి గంటల వ్యవధిలోనే రూపం మారిపోవడాన్ని నమోదు చేశారు. అంతవరకు మానవులు సౌరశిఖలను చూడగలిగిన కాలం మొత్తం, అన్ని గ్రహణాలనూ కలిపి, నిమిషాల లెక్కలోనే ఉండేది.

పట్టపగలు కనిపించని శిఖలు వర్ణపటదర్శినిలో ఎందుకు కనిపిస్తాయన్నది విద్యార్థులు అడగవలసిన ప్రశ్న. సౌరశిఖలు పగటిపూట కనిపించకపోవడానికి కారణం వాటి కాంతి తక్కువ కావడం కాదు, సూర్యుడి చుట్టూ ఉన్న ఆకాశం అంతకంటే ఎక్కువగా మెరుస్తుండటం. ఆ ఆకాశపు మెరుపు వాతావరణంలో చెదిరిన సూర్యకాంతే కాబట్టి అందులో అన్ని రంగులూ ఉంటాయి. పట్టకం దాన్ని పొడవాటి పట్టీగా పరిచినకొద్దీ ఒక్కొక్క చోట దాని తీవ్రత పలచబడిపోతుంది. సౌరశిఖ కాంతి మాత్రం రెండు మూడు గీతల్లోనే కూడుకుని ఉంటుంది, పట్టీని ఎంత సాగదీసినా ఆ గీతలు పలచబడవు. గుప్పెడు బియ్యాన్ని అరుగంతా వెదజల్లితే గింజలు ఆనవాలు లేకుండా పోతాయి, అదే అరుగు మీద రెండు మూడు చోట్ల కుప్పగా పోసినవి మాత్రం దూరానికి కూడా కనిపిస్తాయి. పట్టకాల సంఖ్య పెంచి రంగుల పట్టీని ఇంకా సాగదీస్తే ఆకాశం ఇంకా మసకబారి, గీతలు ఇంకా స్పష్టమవుతాయి. చీలిక సన్నగా ఉండాలి కాబట్టి ఒకసారికి శిఖలో ఒక సన్నని ముక్క మాత్రమే కనిపిస్తుంది. చీలికను కొద్దికొద్దిగా జరుపుతూ మొత్తం ఆకారాన్ని కూర్చుకోవలసి వచ్చేది. ఇంగ్లాండులో హగిన్స్ 1869 ఆరంభంలో చీలికను వెడల్పుగా తెరిచి, శిఖ పూర్తి ఆకారాన్ని ఒకేసారి చూడగలిగారు.

ఇదే ఆలోచన లండన్‌లో నార్మన్ లాకియర్‌కు కూడా విడిగా వచ్చింది. ఆయన యుద్ధ మంత్రిత్వ శాఖలో గుమాస్తాగా పనిచేస్తూ, తీరిక వేళల్లో ఖగోళ పరిశీలనలు చేసేవారు. గ్రహణం లేకుండానే సౌరశిఖల గీతలు చూడవచ్చని ఆయన ముందే ఊహించినా, అందుకు తగిన శక్తిమంతమైన వర్ణపటదర్శిని తయారై చేతికి అందేసరికి 1868 అక్టోబరు నెల వచ్చింది. అక్టోబరు 20న ఆయన లండన్ నుంచే గీతలను చూశారు. ఆయన 1868 ఆగస్టులో భారతదేశానికి రానే లేదు. విజయదుర్గ్‌కు ఆయన వచ్చినది 1898 జనవరి 22 నాటి గ్రహణానికి, అంటే 30 ఏళ్ళ తర్వాత. అప్పటికి హీలియం భూమి మీద కూడా దొరికి మూడేళ్ళు కావస్తోంది. కోటలోని అరుగు, లాకియర్ రాక రెండూ నిజమే. ఒక నిజమైన సందర్శన తేదీ జారిపోయి మరొక గ్రహణానికి అతుక్కోవడం వల్ల ఆ కథ పుట్టింది. స్థానిక చరిత్ర నుంచి తీసిన వాస్తవాల్లో ఇలాంటి జారుడు చాలా సాధారణం కాబట్టి, ఒక వ్యక్తి ఫలానా చోట ఫలానా పని చేశాడని రాసే ముందు ఆ రోజున ఆయన ఎక్కడ ఉన్నాడో చూసుకోవడం మొదటి పరీక్ష.

జాన్సెన్ తన పద్ధతిని వివరిస్తూ సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి లేఖ పంపారు. ఓడల మీద ప్రయాణించిన ఆ లేఖ అక్టోబరు 26 నాటి సమావేశానికి చేరింది. లాకియర్ పరిశీలన గురించిన సమాచారం కూడా సరిగ్గా ఆ రోజే అదే సభకు అందింది. ఎవరు ముందన్న వివాదం పెంచకుండా అకాడమీ ఇద్దరికీ సమానంగా గౌరవం ఇచ్చింది. ఆ తర్వాత ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే ఉన్న పతకాన్ని ముద్రించింది. ఆ గౌరవం దక్కినది గ్రహణం లేకుండా సౌరశిఖలను చూసే పద్ధతికి. హీలియం ప్రసక్తి అందులో లేదు.

పసుపుపచ్చ గీత అసలు కథ ఈ పద్ధతి చేతికి వచ్చాకనే మొదలైంది. గ్రహణం అక్కర్లేకపోవడంతో లాకియర్ ఆ గీతను తీరికగా, రోజుల తరబడి, పక్కనే ఉన్న నల్లని డి గీతలతో పోల్చి కొలవగలిగారు. అది డి-1 మీదా లేదు, డి-2 మీదా లేదు. వాటికి ఆకుపచ్చ వైపున, ఇప్పటి కొలతల ప్రకారం 587.6 నానోమీటర్ల దగ్గర విడిగా నిలిచింది. దాన్ని డి-3 అన్నారు. సోడియం గీతల్లో దగ్గరిదైన డి-2 నుంచి దాని దూరం 1.4 నానోమీటర్లు.

ఈ దూరం ఎంత చిన్నదో విద్యార్థులు స్వయంగా లెక్కకట్టి చూడవచ్చు. చాలా క్లబ్బుల్లో పాత సీడీ ముక్కను, అట్టపెట్టెను ఉపయోగించి వర్ణపటదర్శిని తయారు చేయిస్తారు. సీడీ మీది గాడులు ఒకదానికొకటి 1,600 నానోమీటర్ల ఎడంలో ఉంటాయి. కాంతి దాని మీద నిటారుగా పడినప్పుడు పసుపుపచ్చ సుమారు 21.6 డిగ్రీల కోణంలో వంగుతుంది, 1.4 నానోమీటర్ల తేడా ఉన్న రెండు గీతల మధ్య కోణం డిగ్రీలో ఇరవయ్యవ వంతు మాత్రమే వస్తుంది. పెట్టెకు పెట్టిన చీలిక వెడల్పు ఒక మిల్లీమీటరు, చీలిక నుంచి సీడీకి దూరం 20 సెంటీమీటర్లు అనుకుంటే, చీలిక ప్రతిబింబమే సుమారు మూడు పదోవంతుల డిగ్రీ వెడల్పుతో కనిపిస్తుంది. అంటే గీత వెడల్పు రెండు గీతల మధ్య దూరానికి దాదాపు ఐదు రెట్లు. సోడియం, డి-3 రెండూ ఒకే పసుపుపచ్చ మచ్చగా కలిసిపోతాయి. రెండు షేవింగ్ బ్లేడుల అంచులను ఒకదానికొకటి దగ్గరగా అమర్చి, చీలికను మిల్లీమీటరులో పదవ వంతుకు కుదిస్తే అవి విడివడే అవకాశం వస్తుంది కాని, ఆ మేరకు కాంతి తగ్గిపోతుంది. సీడీకి బదులు గాడులు ఇంకా దగ్గరగా ఉండే డీవీడీ వాడితే కోణం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. 1868 ఆగస్టులో పరిశీలకులకు డి-3 సోడియంలా తోచడానికి కారణం ఈ లెక్కతో చేతికి తగులుతుంది. ఇలాంటి పెట్టెతో గాని, మరే పరికరంతో గాని సూర్యుడిని నేరుగా చూడకూడదు. వీధిదీపం, ఉప్పు చల్లిన మంట ఈ పరీక్షకు సరిపోతాయి.

గీత సోడియంది కాదని తేలినా, అది కొత్త మూలకానిదని వెంటనే రుజువు కాదు. తెలిసిన పదార్థమే తెలియని పరిస్థితుల్లో కొత్త గీత ఇవ్వవచ్చు. అందుకే లాకియర్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి హైడ్రోజన్‌ను రకరకాల పీడనాల్లో, ఉష్ణోగ్రతల్లో వెలిగించి చూశారు. డి-3 రాలేదు. సూర్యుడిలో తెలియని పదార్థం ఉందన్న ఊహ అప్పుడు బలపడింది. 1871లో బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో విలియం థామ్సన్, అంటే తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, ఫ్రాంక్‌లాండ్, లాకియర్‌లు దానికి హీలియం అన్న పేరు ప్రతిపాదించారని ప్రస్తావించారు.

ఇక్కడ రెండు ప్రశ్నలకు సమాధానం వెతకాలి. మొదటిది, సూర్యుడిలో హైడ్రోజన్ తర్వాత ఎక్కువగా ఉన్న మూలకం హీలియమే అయినప్పుడు, ఫ్రాన్‌హోఫర్ నాటి నుంచి గుర్తించిన వందలాది నల్లని గీతల్లో అది ఎందుకు కనిపించలేదు? ఒక పరమాణువులోని ఎలక్ట్రాను ఒక రంగు కాంతిని మింగాలంటే, ఆ రంగుకు తగిన మెట్టు మీద అది అప్పటికే నిలబడి ఉండాలి. హైడ్రోజన్‌లో కంటికి కనిపించే గీతలకు పునాది అయిన మెట్టు ఎక్కడానికి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. హీలియంలో డి-3కు పునాది అయిన మెట్టుకు దాదాపు 21 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మనకు కనిపించే సూర్యబింబం ఉపరితలం, అంటే కాంతిమండలం, 5,500 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. ఆ వేడికి హైడ్రోజన్‌లో కొన్ని పరమాణువులైనా ఆ మెట్టు ఎక్కుతాయి గాని హీలియంలో దాదాపు ఏదీ ఎక్కలేదు. కాంతిమండలానికి పైన ఉన్న పలుచని వర్ణమండలంలో, సౌరశిఖల్లో మాత్రం, ఇంకా పైనున్న కరోనా నుంచి వచ్చే శక్తిమంతమైన కిరణాల వల్ల హీలియం ఉత్తేజితమై వెలుగుతుంది. పుష్కలంగా ఉండి కూడా మామూలు సూర్యకాంతిలో జాడ తెలియని మూలకం, కాబట్టి బింబం అంచును మాత్రమే విడిగా చూసే సదుపాయం వచ్చేదాకా దొరకలేదు.

రెండవ ప్రశ్న ఇంకా కీలకమైనది. ఒక్క గీత ఆధారంగా మూలకాన్ని ప్రకటించడం సరైన పనేనా? 1869 గ్రహణంలో కరోనాలో ఆకుపచ్చ రంగులో, సుమారు 530.3 నానోమీటర్ల దగ్గర, ఒక గీత కనిపించింది. ఏ తెలిసిన మూలకానికీ సరిపోకపోవడంతో అది కూడా కొత్త మూలకానిదనుకుని కరోనియం అని పేరు పెట్టారు. అంతకు ముందే, 1864లో, హగిన్స్ ఒక నీహారికలో చూసిన గీతల ఆధారంగా తర్వాత నెబ్యులియం అన్న మరో పేరు పుట్టింది. తర్కం మూడింటికీ ఒక్కటే. కాని నెబ్యులియం గీతలు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్‌వని 1927లో బోవెన్ తేల్చారు. కరోనియం గీత పదమూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుముదని 1940ల ఆరంభానికి తెలిసింది. భూమి మీది ప్రయోగశాలలో పుట్టించలేనంత పలుచని, వేడి పరిస్థితుల్లో తెలిసిన మూలకాలే కొత్త వేషం వేశాయన్నమాట. హీలియం విషయంలో అదే అనుమానం 25 ఏళ్ళకు పైగా సజీవంగా ఉండటంలో తప్పేమీ లేదు. 1868లో ఉన్న ఆధారం కరోనియంకు ఉన్న ఆధారం కంటే బలమైనది కాదు, కాబట్టి 1868ని హీలియం ఆవిష్కరణ సంవత్సరంగా రాసేవారు ఆ తర్వాతి పరీక్షను కూడా అదే ఊపులో చెప్పితీరాలి.

ఆ పరీక్ష 1895లో జరిగింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన హిల్‌బ్రాండ్ కొన్నేళ్ళ ముందే యురేనియం ఉన్న ఖనిజాన్ని ఆమ్లంతో కలిపినప్పుడు ఒక జడవాయువు వెలువడటాన్ని గమనించి, దాన్ని నత్రజని అనుకున్నారు. 1894లో ఆర్గాన్‌ను కనుగొన్న విలియం రామ్‌జే, ఆ వాయువు ఆర్గాన్ కావచ్చన్న ఆశతో, క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడిచేసి, వచ్చిన వాయువును శుద్ధిచేసి, గాజుగొట్టంలో నింపి విద్యుత్తుతో వెలిగించారు. వర్ణపటంలో పసుపుపచ్చ గీత ఒకటి ప్రకాశవంతంగా వెలిగింది. ఆయనకు ముందుగా తట్టినది మళ్ళీ సోడియమే, గొట్టంలో మలినం మిగిలిందేమోనని. కాని ఈసారి సోడియం దీపాన్ని పక్కనే వెలిగించి పోల్చే వీలుంది. రెండు గీతలూ కలవలేదు. ఆయన నమూనాను విలియం క్రూక్స్‌కు పంపితే, ఆ గీత సూర్యుడిలోని డి-3 స్థానానికి సరిపోతుందని క్రూక్స్ కొలిచి చెప్పారు. అదే ఏడాది స్వీడన్‌లోని ఉప్సలాలో క్లీవ్, లాంగ్లే విడిగా ఆ వాయువును వేరుచేసి, పరమాణు భారం సుమారు 4 అని నిర్ణయించారు.

అంతటితో కూడా పరీక్ష ముగియలేదన్నది ఈ కథలో మరీ అందమైన భాగం, మామూలుగా ఎవరూ చెప్పనిది కూడా. ఖనిజం నుంచి వచ్చిన వాయువు గీతను జర్మన్ శాస్త్రజ్ఞుడు రుంగె మరింత సూక్ష్మంగా చూస్తే అది ఒక్క గీత కాదని, పక్కన మసకగా మరొకటి అంటుకుని ఉందని తేలింది. రెండింటి మధ్య దూరం నానోమీటరులో వందవ వంతుల్లో ఉంటుంది. సూర్యుడి డి-3 అప్పటిదాకా ఒంటరి గీతగానే నమోదై ఉంది. సూర్యుడి గీత నిజంగా ఒంటరిదే అయితే రెండూ ఒకే పదార్థానివి కావు. హగిన్స్, అమెరికాలో హేల్ వర్ణపటదర్శినులను మళ్ళీ సూర్యుడి అంచుకు తిప్పి, శ్రద్ధగా వెతికితే, అక్కడా ఆ మసక తోడు కనిపించింది. స్థానంతోపాటు నిర్మాణం కూడా సరిపోయిన తర్వాత సందేహానికి తావు లేకపోయింది. ఆ పనిలో వాడినది గ్రహణం లేకుండా సూర్యుడి అంచును చూసే పద్ధతే, అంటే 1868 ఆగస్టు 19 ఉదయం గుంటూరులో జాన్సెన్ మొదటిసారి విజయవంతంగా ప్రయోగించినదే.

ఈ వివరాలన్నీ ఒక్క వాక్యంలో పట్టవు, పట్టించడానికి ప్రయత్నించకూడదు కూడా. సైన్సు క్లబ్బు "మీకు తెలుసా?" శీర్షికను వారానికొకటిగా వరుసలో నడిపితే, మొదటి భాగంలో ఇలా రాయవచ్చు: "1868 ఆగస్టు 19న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి, గ్రహణం లేని సమయంలో సౌరశిఖలను చూసిన తొలి వ్యక్తి అయ్యారు." ఇందులో ప్రతి పదానికీ ఆధారం ఉంది, ఊరికి రావలసిన కీర్తీ తగ్గలేదు. తర్వాతి భాగం మచిలీపట్నంలో పోగ్సన్ మిగిల్చిన సందేహానికి, ఆపై భాగం లండన్‌లో లాకియర్ కొలతకు, ఇంకొకటి కరోనియంకు, చివరిది క్లీవైట్ ఖనిజానికి కేటాయిస్తే, చదివే విద్యార్థి ప్రతి వారమూ ఎవరు, ఏ పరికరంతో, ఏమి చూశారో, దాని నుంచి ఏమి ఊహించారో వేరుగా తెలుసుకుంటాడు. చూసినదానికి, ఊహించినదానికి మధ్య ఉన్న గీత చెరిగిపోయినప్పుడే "గుంటూరులో హీలియం కనుగొన్నారు" వంటి వాక్యాలు పుడతాయి. సూర్యుడి అంచున వెలిగే హీలియం యురేనియం రాతిలో ఎలా చేరిందన్న ప్రశ్న ఆ చివరి భాగం చదివిన విద్యార్థికి తప్పక వస్తుంది. దానికి సమాధానం రామ్‌జేకు 1895లో తెలియదు, ఎందుకంటే రేడియోధార్మికతను కనుగొన్నది ఆ మరుసటి ఏడాది. యురేనియం విచ్ఛిన్నమవుతూ వెలువరించే ఆల్ఫా కణాలు హీలియం కేంద్రకాలేనని, అవి ఎలక్ట్రాన్లను పట్టుకుని రాతిలోనే వాయువుగా చిక్కుకుపోతాయని రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ 1909 నాటికి రుజువు చేశారు. వారు ఆల్ఫా కణాలను పలుచని గాజుగోడ గుండా ఖాళీ గొట్టంలోకి చేరనిచ్చి, కొన్ని రోజుల తర్వాత అక్కడ పోగైన వాయువును విద్యుత్తుతో వెలిగించినప్పుడు, దాని గుర్తింపుకు ఆధారంగా నిలిచిన గీతల్లో డి-3 కూడా ఉంది.